పాలగుండ పెట్టిన పంచె

ఆ ఏడు ఉగాది నాడు గుడి మెట్ల మీద మా మావయ్య పట్టుపంచె జారిపోయింది. పూర్తిగా ఊడిపోలేదు. ముందు కుచ్చిళ్ళు వదులై, జరీ అంచు బరువుకి ఒక పక్కకి దిగిపోయింది. మా ఆయన వెనక నుంచి గబుక్కున పట్టుకున్నారు. చుట్టూ ఉన్న స్టేషన్ వాళ్ళు, క్వార్టర్ల వాళ్ళు తలలు పక్కకి తిప్పుకున్నారు. ఎవరైనా నవ్వి ఉంటే మావయ్య కూడా నవ్వేసి ఊరుకునేవారేమో. అందరూ అంత మర్యాదగా ఉండేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ప్రసాదం తీసుకోకుండానే ఇంటికి నడిచారు.

దానికి ముందు చలికాలంలో ఆయనకి ఎడమపక్క చిన్న పక్షవాతం వచ్చింది. కాలు తొందరగానే తేరుకుంది. మాట ఎప్పుడూ తడబడలేదు. ఎడమ చేతి వేళ్ళు మాత్రం మొద్దుబారిపోయాయి. గ్లాసు పట్టుకోగలరు, కర్ర పట్టుకోగలరు. కాగితం లాంటిది, గుడ్డ లాంటిది వేళ్ళ మధ్య ఉందో లేదో కంటితో చూస్తే గానీ ఆయనకి తెలిసేది కాదు.

పంచె కట్టడం చూసేవాళ్ళకి తేలిక. నడుముకి చుట్టి ముడి బిగించి, ఒక చివర కుచ్చిళ్ళు పెట్టి ముందు దోపాలి. రెండో చివర కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి గోచీ దోపాలి. కుడి చెయ్యి కుచ్చిళ్ళు పెడుతూ ఉంటే, పెట్టిన ప్రతి మడతనీ ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు కలిసి అదిమి ఉంచాలి. పని చెయ్యనివి ఆ రెండు వేళ్ళే. పట్టు అయితే మరీ కష్టం. నీళ్ళని దోసిట్లో పట్టినట్టే, ఎంత పట్టుకున్నా కిందకే పోతుంది. ఆ పట్టుపంచె మా పెళ్ళిలో మా నాన్నగారు పెట్టింది, వెడల్పు జరీ అంచుది. దానికి గంజి పెట్టకూడదు, సబ్బు తగలకూడదు. కుంకుడు పులుసులో ముంచి, పిండకుండా నీడన ఆరేసి, పాత నూలు గుడ్డలో చుట్టి నేనే దాచేదాన్ని. ఉగాది తరవాత దాన్ని ఎప్పటిలాగే చుట్టి పెట్టెలో పెట్టాను. అది ఇంక బయటికి రాదని అప్పుడు అనుకోలేదు.

మావయ్య విశాఖపట్నం నుంచి ఇనుప గనులకి వెళ్ళే కిరండూల్ లైను మీద పట్టాల పని చేసి రిటైరయ్యారు. మేం ఉండేది తెలుగు నేల దాటాక వచ్చే ఆ గనుల కొండల్లోనే, రైల్వే క్వార్టర్లలో. మా ఆయన అదే లైను మీద ఇనుప ఖనిజం బళ్ళు నడిపే ఇంజన్లలో అసిస్టెంటు. ఇంట్లో మావయ్య, అత్తయ్య, మేమిద్దరం, ఆ వేసవికి ముందే పుట్టిన మా పాప. వానాకాలం నడుమకి పాపకి ఏడో నెల వస్తుందని, వినాయక చవితి నాడే అన్నప్రాశన చేసేద్దామని అత్తయ్య నిర్ణయించారు. పండగ రోజుకి వేరే ముహూర్తం అక్కర్లేదని ఆవిడ లెక్క.

"నాను కూకోను," అన్నారు మావయ్య, అడగకముందే.

"మీరు గాక ఎవలు కూకుంటారండీ? తాతగారు ఇంట్లో ఉండగా?"

"ఆళ్ళ మేనమావ వస్తాడు కదా విజీనారం నుంచి. ఆడి ఒళ్ళో కూకోబెట్టండి."

"పైజమా మీదైనా కూకోండి, పోనీ."

"పైజమాతో దేవుడి ముందర కూకుంటే నువ్వే వారం రోజులు దెప్పుతావు. నాకు తెల్దేటి?"

అత్తయ్య చేటలో బియ్యం ఏరడంలో పడ్డారు. అది నిజమే కాబట్టి.

మా ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఆయన ఆలోచనలు డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసేటప్పుడు వస్తాయి. తల తుడుచుకుంటూనే చెప్పారు. "ఇప్పుడు విశాఖపట్నంలో రెడీమేడ్ పంచెలు దొరుకుతన్నాయి నాన్నా. కుచ్చిళ్ళు కుట్టేసే ఉంటాయి. వెల్క్రో ఉంటాది. చుట్టి అతికించుకోవడమే."

"బూటు లాగానా?"

"ఆ, అలాగే."

"అయితే నువ్వు కట్టుకో. ఇంజనెక్కినప్పుడు బావుంటాది."

"పోనీ నాను కడతానండీ," అన్నారు అత్తయ్య.

"పెళ్ళయిన కాడ్నుంచి నీ సీర కుచ్చిళ్ళు నాను పెట్టానేటి?"

"పెడతానని ఒక్కసారైనా అన్నారేటి?"

అందరం నవ్వాం. మావయ్య కూడా నవ్వారు. కానీ పాపని ఎత్తుకోమని అందిస్తే, "కుడి పక్కకియ్యమ్మా," అన్నారు. ఆయన అలా అనడం ఎప్పుడు మొదలుపెట్టారో నాకు సరిగా గుర్తు లేదు. పంచె సంగతి తేలకపోతే పాపని కూడా ఆయన నెమ్మదిగా దూరం పెట్టేస్తారని నాకు భయం పట్టుకుంది. నాకు అప్పటికి భయాలు చాలా ఉండేవి. పాప ఊపిరి వినపడకపోతే భయం, గట్టిగా వినపడితే భయం. వాటిల్లో చాలా వాటికి కారణం లేదని ఇప్పుడు తెలుసు. ఈ ఒక్కదానికి మాత్రం కారణం ఉంది.

ఆరు నెలలు నిండాక పాపకి జావ మొదలుపెట్టమని ఆస్పత్రిలో చెప్పారు. అన్నప్రాశన కాకుండా మెతుకు నోట పెట్టకూడదని అత్తయ్య పట్టు. ఇద్దరికీ కుదిరిన మార్గం పాలగుండ. అడవిలో దొరికే ఒక పసుపుజాతి దుంపని అరగదీసి, నీళ్ళలో కడిగి కడిగి, అడుగున తేరిన పిండిని ఎండబెడితే పాలగుండ వస్తుంది. ఇక్కడ అంగడిలో దాన్ని తీఖుర్ అంటారు. అత్తయ్యకి తన చిన్నతనం నుంచే తెలుసు, వాళ్ళ వైపు ఏజెన్సీ కొండల నుంచి తెచ్చి అమ్మేవారట.

"పాలగుండ అన్నం కాదు," అని ఆవిడ తేల్చి చెప్పారు. "ఉపోషం ఉన్న నాడు కూడా తాగుతాం. దానికి దోషం లేదు."

చల్లటి నీళ్ళలో చెంచాడు పిండి కలిపి, ఉండలు లేకుండా రుద్ది, మరుగుతున్న నీళ్ళలో పోస్తూ కలిపితే తెల్లటి పిండి చూస్తూ ఉండగానే అద్దంలా మారిపోతుంది. నేను ఉండలు ఉన్నాయేమోనని రెండుసార్లు వడకట్టేదాన్ని. పాప సగం మింగి సగం ఊసేది. ఊసింది ఎక్కువగా మావయ్య భుజం మీద తువ్వాలు మీదే పడేది, ఎందుకంటే జావ తాగాక ఆమె తాతగారి భుజం మీదే తేన్చేది. కుడి భుజం మీద.

ఒక మధ్యాహ్నం నేను వరండాలో గుడ్డలు మడత పెడుతున్నాను. వాన కాసేపు తెరిపి ఇచ్చింది. మావయ్య కుర్చీలో కూర్చుని కొండ దిగుతున్న ఖనిజం బండిని చూస్తున్నారు. ముందు రోజు తువ్వాలు ఇంకా భుజం మీదే ఉంది. దాని చివర ఎడమ చేతిలో ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. ఆయన దాన్ని అటూ ఇటూ వంచుతున్నారు, వదులుతున్నారు, మళ్ళీ పట్టుకుంటున్నారు. చూపు బండి మీదే ఉంది.

నేను మడత పెట్టడం ఆపేశాను. గుడ్డ చివరని ఆయన చూడకుండా పట్టుకోగా నేను ఆ చలికాలం తరవాత చూడలేదు.

"ఏటమ్మా అలా సూస్తన్నావు?"

"ఆ తువ్వాలు ఒకసారి ఇస్తారా మావయ్యా?"

"మాసిపోయింది. నీ కూతురు కక్కింది."

కక్కిన చోటే. అరచెయ్యంత మేర పాలగుండ ఆరి గుడ్డ అట్టముక్కలా బిగుసుకుపోయి ఉంది. దాని అంచు గోరుతో కొడితే టక్‌మంది. మిగతా తువ్వాలంతా ఎప్పటిలాగే మెత్తగా వేలాడుతోంది. మొద్దుబారిన వేళ్ళకి మెత్తటిది తెలియదు, గట్టిది తెలుస్తుంది. అంతే సంగతి. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి, పిండి పదార్థం వేడి నీటిలో ఏమవుతుందో పరీక్షల్లో రాసి, ఇంట్లో రోజూ జావ కాస్తూ కూడా నాకు ఆ ఊహ రాలేదు.

పెట్టెలో పట్టుపంచె కింద ఒక నూలు పంచె ఉండాలని నాకు గుర్తు. పొందూరు ఖద్దరు, నేరేడు పండు రంగు అంచు. వెతికితే అక్కడ లేదు. పాపకి పక్క గుడ్డలు చెయ్యడానికని అత్తయ్య చింపబోయే బట్టల మూటలో ఉంది.

"అది పాతదమ్మా. ఉతికి ఉతికి మెత్తగా దూదిలా అయిపోయింది. పాపకే బావుంటాది."

"పాపకి వేరేది చూద్దాం అత్తయ్యా."

"ఏటి చేస్తావు దాంతో?"

చెప్పలేదు. కుదరకపోతే మళ్ళీ ఆయనకే నామోషీ అవుతుందనిపించింది.

పంచె బట్ట బాగానే ఉంది. అంచే బాగా లేదు. అంచుల మధ్య ఉండే ఒళ్ళు ఒకలా, అంచు ఇంకోలా ముడుచుకుపోయి, పొడుగునా అలలు అలలుగా ముడతలు. ఇంకా రెండు చోట్ల తుప్పు మరకలు, ఎప్పుడో ఇనప తీగ మీద ఆరేసినవి. ఈ ఊళ్ళో కుళాయి నీళ్ళలోనే ఇనుము ఉంటుంది. బ్లీచింగ్ పౌడరు వేస్తే మరక పోవడం పోయి ఇంకా ముదురుతుంది. నిమ్మరసం, ఉప్పు రాసి నానబెడితే తేలికవుతుంది. తెల్ల బట్టకి రాత్రే బకెట్లో నీళ్ళు పట్టి ఉంచి, పొద్దున్న అడుగున తేరిన ఎర్రటిది కదలకుండా పైనీళ్ళు వంచుకోవాలి. ఇక్కడికి కొత్తగా వచ్చిన కోడళ్ళకి అత్తలు ముందుగా నేర్పేది ఇదే.

పిండి ఎక్కువ కావాలి కాబట్టి ఆదివారం అంగడికి వెళ్ళాను. తీఖుర్ అమ్మేది గొల్లపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న ఒకామె. నేను తెలుగు మాట్లాడతానని నన్ను దూరం నుంచే పిలుస్తుంది.

"ఏంది వదినా, గింతగనం తీసుకపోతున్నవ్? బిడ్డ ఒక్కతేనా, ఇంకోతి పుట్టిందా?"

"మా మావగారి పంచెకి గంజి పెడదామని."

ఆమె చేతిలో కొలపాత్ర అలాగే ఆగిపోయింది. "పంచెకా? పిల్లలు తాగేదాన్ని పంచెకు తాగిపిస్తవా?" అని పక్కనున్న చింతపండు ఆమెకి గోండీలో ఏదో చెప్పింది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నవ్వుతూనే ఒక గుప్పెడు ఎక్కువ పోసింది. "మంచిగ నిలబడతది తియ్. మీ మామకు చెప్పు, తడిస్తే దాన్ని నాలుకతో నాకద్దని."

మొదటిసారి నేను ఆత్రపడ్డాను. గంజి ఇడ్లీ పిండంత చిక్కగా కాచి, పంచె మొత్తం ముంచేశాను. వాన కాబట్టి గదిలోనే ప్లాస్టిక్ తాడు కట్టి ఫ్యాను కింద ఆరేశాను. ఆరాక తాడు మీంచి తీస్తే పంచె వంగలేదు. గోడకి ఆనిస్తే నిలబడింది.

మావయ్య గుమ్మం దగ్గర ఆగిపోయారు. "ఎవరమ్మా వచ్చింది? నిలబడే ఉన్నాడు, కుర్చీ ఎయ్యండి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాప దాన్ని చూసి జడిసి నా మెడ పట్టుకుంది.

"మీకే మావయ్యా," అన్నాను. "కుచ్చిళ్ళు చేతికి ఆనతాయేమోనని."

ఆయన మొహంలో నవ్వు పోయింది. "నాకొద్దన్నాను కదమ్మా" అని వెనక్కి తిరగబోయి, మళ్ళీ ఆగి, లోపలికి వచ్చి పంచె అంచుని వేళ్ళతో తాకారు. ముందు కుడి చేత్తో. తరవాత ఎడమ చేత్తో. ఎడమ చేత్తో చాలాసేపు. అంచు వెంటే పై నుంచి కింద దాకా వేళ్ళు నడిపించారు, పట్టాలు చూసుకుంటూ నడిచినట్టు.

"ఇది మడత పడదు," అన్నారు చివరికి. "విరుగుతాది. ఒళ్ళు మెత్తగానే ఉండాల. అంచొక్కటీ గట్టిగుంటే సాలు. అంచు దొరికితే మడత దొరికినట్టే."

కడతాననీ అనలేదు, కట్టననీ అనలేదు. నాకు మాత్రం ఆ మాటలు చాలు.

పంచెని మంచినీళ్ళలో నానబెట్టి గంజంతా వదిలించాను. ఈసారి గంజి పల్చగా, పాలలో నీళ్ళు కలిపినట్టు కాచి పంచెని ముంచి తీశాను. అది కాస్త ఆరాక రెండు అంచులూ ఒక్కచోటికి వచ్చేలా పొడుగునా మడిచి, ఒళ్ళంతా చుట్టి పాత గుడ్డతో కట్టేసి, అంచులు మాత్రమే చిక్కటి గంజిలో ముంచాను. వేళ్ళతో పైనుంచి కిందకి దువ్వి ఎక్కువైన గంజి తీసేశాను. నీలిమందు వెయ్యలేదు. పాప ఒళ్ళో కూర్చుంటే నోట్లో పెట్టుకోనిది లేదు. తెలుపు కాస్త తక్కువైనా ఫరవాలేదనుకున్నాను.

అప్పుడు అత్తయ్యకి చెప్పక తప్పలేదు. చెబితే ఆవిడ చీపురు పక్కన పెట్టి నిలబడ్డారు.

"గంజి పెట్టిన గుడ్డ మడికి పనికిరాదమ్మా. అన్నం ఉడికిన నీళ్ళు తగిలితే అంటు. అందుకే కదా దేవుడి కాడ కూకున్నప్పుడు పట్టు కడతారు. పట్టుకి ఏ దోషమూ లేదు."

"ఇది అన్నం గంజి కాదు అత్తయ్యా. పాలగుండ."

"ఏదైనా గంజి గంజే."

"పాలగుండ అన్నం కాదని మీరే కదా అన్నారు. ఉపవాసం రోజు కూడా తాగుతామని. అందుకే కదా పాపకి పెడుతున్నాం."

లోపల మంచం మీద పడుకుని ఉన్న మా ఆయన కళ్ళు మూసుకునే, "అన్నావమ్మా, నేనూ విన్నాను," అన్నారు.

"నువ్వు పడుకో. నీకెవలు సెప్పమన్నారు?"

ఆవిడ గిన్నెలో మిగిలిన గంజిని వేలితో తాకి చూశారు. నాలిక మీద పెట్టుకున్నారు. ఇప్పుడు ఎంచుకోవలసింది పట్టుకీ నూలుకీ మధ్య కాదని, ఈ పంచెతో మనిషి చవితి పీట మీద కూర్చోవడానికీ అసలు కూర్చోకపోవడానికీ మధ్య అని ఆవిడకీ తెలుస్తోందని నాకు అనిపించింది.

"నిజమే, అన్నం కాదు," అన్నారు. "కానీ ఇస్త్రీ మాత్రం నానే సేస్తాను. పండగ పొద్దున్న తానం చేసి. ఆ తరవాత ఇంకెవలూ ముట్టకండి."

చవితి ముందు రోజు మధ్యాహ్నం పంచె ఇంకా చెమ్మగా ఉండగానే అంచు సాగదీశాం. అంచు నూలు బిగువు, ఒంటి నూలు వదులు. తడిసినప్పుడల్లా అంచు కురచబడుతుంది. చెమ్మ మీద ఉండగా ఇద్దరు రెండు చివరలూ పట్టుకుని లాగితేనే సమానమవుతుంది. ఆరిపోయాక ఎంత ఇస్త్రీ చేసినా ముడత పోదు. అత్తయ్య ఆ గోడ దగ్గర, నేను ఈ గోడ దగ్గర నిలబడి లాగుతూ ఉంటే పాప లేచి ఏడ్చింది. వదిలేసి వెళ్తే గంజి పెట్టిన అంచు వంకరగా ఆరిపోతుంది. వెళ్ళకపోతే పాప గొంతు పోతుంది.

"ఇలాగియ్యి," అన్నారు మావయ్య. ఎప్పుడు లేచి వచ్చారో చూడలేదు.

నేను అంచు ఆయన చేతికిచ్చి గదిలోకి పరుగెత్తాను. పాపకి పాలిస్తూ తలుపు సందులోంచి చూశాను.

"కుడి చేత్తో ఎవలైనా లాగుతారు," అంటున్నారు అత్తయ్య. "ఎడం చేత్తో లాగండి."

"జారిపోతాదే."

"జారిపోతే మళ్ళీ పట్టుకోండి. రైలొచ్చేస్తందేటి?"

ఆయన ఎడమ చేతికి మార్చుకున్నారు. లాగారు. అత్తయ్య కూడా లాగారు. ఆవిడ ఊరికే పట్టుకోలేదు, బలంగా లాగారు. పంచె ఇద్దరి మధ్యా తీగలా బిగుసుకుని సన్నగా మోగింది. మావయ్య ఒక్కసారి ఊపేసరికి ఆవిడ ముందుకి తూలి గోడ పట్టుకున్నారు.

"ఓలమ్మో, పడిపోదును!"

"లాగమన్నది నువ్వే."

ఇద్దరూ మళ్ళీ లాగడం మొదలుపెట్టారు. అంచు ఎప్పుడో తిన్నగా అయిపోయింది. వాళ్ళు ఆపలేదు. నేనూ ఆపమని చెప్పలేదు.

పండగ పొద్దున్న మా తమ్ముడు రైలు దిగి వచ్చాడు. అత్తయ్య స్నానం చేసి, తడి తల ముడి వేసుకుని, పంచె మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేశారు. అంచుకి మాత్రం వెనక వైపు నుంచి, ఇస్త్రీ పెట్టెని ముందుకీ వెనక్కీ రుద్దకుండా ఒకే వైపుకి. నేరేడు రంగు మళ్ళీ లేచి వచ్చింది. మావయ్య స్నానం చేసి వచ్చి పంచె తీసుకుని తలుపు వేసుకున్నారు.

"సాయం రానా?" అన్నారు అత్తయ్య తలుపుతో.

"రావద్దు."

పీట వేసి ఉంది. దేవుడి ముందు పాయసం చల్లారుతోంది. లోపలి నుంచి గుడ్డ గరగరలాడుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఏదో కింద పడిన చప్పుడైంది, ఆయన తనలో తాను ఏదో అనుకున్నారు. మళ్ళీ మొదటి నుంచి చుడుతున్నట్టు పెద్దగా గరగర.

మా తమ్ముడు నా దగ్గరికి వంగి, "అక్కా, నేను కూర్చోవాలా? నా పంచె సూట్‌కేసులోనే ఉంది," అన్నాడు.

"ఆగు."

"పాయసం..."

"ఆగమన్నానా."

ఎప్పటికో తలుపు తెరుచుకుంది. మావయ్య గడప దాటి వచ్చి నిలబడ్డారు. వెనక గోచీ కొంచెం ఎడమకి ఒరిగింది. ముందు కుచ్చిళ్ళు మాత్రం ఒకదాని మీద ఒకటి, నేరేడు రంగు గీతలు గీసినట్టు, పాదాల దాకా తిన్నగా దిగి ఉన్నాయి. అత్తయ్య చెయ్యి గోచీ సర్దడానికి లేచింది. మళ్ళీ తనే దించుకుని, కొంగు నడుముకి దోపుకున్నారు.

ఆయన పీట మీద కూర్చుని చేతులు చాచారు. రెండు చేతులూ. నేను పాపని కుడి పక్కకి తెస్తూ ఉంటే, "ఎటైనా పరవాలేదమ్మా," అన్నారు. పాప ఒళ్ళో పడగానే పంచె అంచు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. అత్తయ్య లాగబోతే మావయ్య వద్దన్నారు. ఉంగరంతో పాయసం పాప నాలిక మీద పెట్టారు. ఆమె మొహం చిట్లించి, ఆలోచించి, మళ్ళీ నోరు తెరిచింది.

అంతా అయ్యాక పీట మీంచి లేవాలి. అది నేను ముందుగా ఆలోచించలేదు. కింద కూర్చున్న మనిషి, చేతిలో బిడ్డ, ఒక పక్క బలం లేని చెయ్యి. నేను పాపని అందుకోవడానికి రెండు చేతులూ చాపాను. ఆయన ఇవ్వలేదు. పాపని ఎడమ చేతి మీదకి మార్చుకుని, కుడి చెయ్యి గోడకి ఆనించారు. మా ఆయన ముందుకి కదిలితే అత్తయ్య చొక్కా పట్టుకుని ఆపారు. ఆయన మోకాలు మీదకి లేచి, ఒక్క క్షణం ఆగి, నిలబడ్డారు. కుచ్చిళ్ళు ఒక్కసారి విచ్చుకుని వాటంతట అవే మూసుకున్నాయి.

"స్టేషన్ కాడ పందిట్లో వినాయకుణ్ణి సూపించి తీసుకొస్తాను దీన్ని," అన్నారు.

బయట తుంపర మొదలైంది. అందరికంటే ముందు నేనే అన్నాను, "వాన మావయ్యా. తడిస్తే గంజి దిగిపోతుంది."

"దిగితే మళ్ళీ పెడతావు కదమ్మా," అని ఆయన వరండా మెట్లు దిగారు. పాప ఎడమ చేతి మీదే ఉంది. నేను గొడుగు వెతుక్కుని వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ క్వార్టర్ల మలుపు దగ్గర ఉన్నారు. ఆయన కుడి చేత్తో కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుని, నీటి మడుగు దాటుతున్నారు.